మైనస్ చూపించిన డ్రాగ్: ఫోమ్ బోర్డ్ గ్లైడర్‌ని ఇంట్లో కట్టిన టన్నెల్‌లో తూచడం

బెంగళూరు మారతహళ్లి పీజీ మేడమీద అట్టపెట్టెలు, ప్లైవుడ్ ముక్కలు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకుని విండ్ టన్నెల్ కట్టిన ఏరోస్పేస్ కుర్రాళ్లకి మొదటి రోజే ఎదురయ్యే వింత ఒకటుంది. గ్లైడర్‌ని రాడ్ మీద నిలబెట్టి, ఫ్యాన్ ఆన్ చేసి, డ్రాగ్ రీడింగ్ రాసుకుని, అందులోంచి రాడ్ డ్రాగ్ తీసేస్తే మిగిలేది మైనస్. అంటే గాలి మోడల్‌ని వెనక్కి నెట్టకుండా ముందుకి లాగుతోందన్నమాట. "అన్నా, ఇది ఫ్యాన్‌కి ఎదురెళ్తోందిరా బాబూ" అని నవ్వుకుని స్కేల్ పాడైందనుకుంటారు. స్కేల్ బాగానే ఉంటుంది. తప్పు రిగ్‌లో, అంటే మోడల్‌ని పట్టుకుని తూచే అమరిక ఆకారంలో ఉంటుంది. ఆ తప్పేమిటో తెలిస్తే లిఫ్ట్, డ్రాగ్, స్టెబిలిటీ మూడింటిలో దేన్ని ఎంతవరకు నమ్మొచ్చో కూడా తెలిసిపోతుంది.

ముందు మోడల్ సంగతి. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 30 సెం.మీ., వెడల్పు 7.5 సెం.మీ., అంటే విస్తీర్ణం 225 చదరపు సెం.మీ. తోక 45 చదరపు సెం.మీ., రెక్క నుంచి 20 సెం.మీ. వెనక. అంతా 5 మి.మీ. ఫోమ్ బోర్డే, అంటే రెండు వైపులా కాగితం అంటించి మధ్యలో థర్మాకోల్ లాంటి నురుగు ఉండే షీటు. షాపులో ఫోమ్ బోర్డ్ అడిగితే సన్‌బోర్డ్ చేతిలో పెట్టేవాళ్లు చాలామంది. అది పీవీసీ, చూడ్డానికి ఒకేలా ఉంటుంది, బరువు మాత్రం కొన్ని రెట్లు ఎక్కువ. 10 సెం.మీ. చదరం ముక్క కోసి తూస్తే గుట్టు బయటపడుతుంది. ఐదారు గ్రాములుంటే మనకి కావాల్సిందే. ఇరవై దాటిందంటే దానితో బోర్డులు రాసుకోవచ్చుగానీ గ్లైడర్ చేయలేం.

టన్నెల్ లోపల 45 సెం.మీ. × 45 సెం.మీ. ఫ్యాన్ 18 అంగుళాలది, మోడల్‌కి వెనకవైపు పెట్టాలి. గాలిని ఊదకూడదు, లాగాలి. ఎందుకంటే ఫ్యాన్ నుంచి బయటికొచ్చే గాలి తాడు మెలిపెట్టినట్టు తిరుగుతూ వస్తుంది, ఆ మెలి రెక్క ఎడమ సగానికి ఒక యాంగిల్, కుడి సగానికి ఇంకో యాంగిల్ ఇస్తుంది. ముందు మూతిలో తేనెపట్టులా గొట్టాలు పేర్చాలి. స్ట్రాలు వాడమని చాలామంది చెబుతారుగానీ ఇంత మూతికి దాదాపు ఆరు వేల స్ట్రాలు కావాలి, పైగా 2022 జూలై నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం. 20 మి.మీ. కరెంటు వైరింగ్ పైపుని 15 సెం.మీ. ముక్కలుగా కోసి పేర్చడం తేలిక. ఇదంతా పెట్టాక ఆ ఫ్యాన్‌తో సెకనుకి 5 మీటర్ల వేగం వస్తే సంతోషించాలి.

ఇప్పుడు గాలి. పుస్తకంలో ఉన్న 1.225 అనే సాంద్రతని అలాగే లెక్కలో వేసేస్తే బెంగళూరులో మొదటి అడుగే తప్పటడుగు. ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. 27 డిగ్రీల ఎండలో ఇక్కడి సాంద్రత ఘనపు మీటరుకి 1.06 కిలోల దగ్గర ఉంటుంది. చెన్నైలో 30 డిగ్రీలున్నా 1.16 వస్తుంది. 1.06లో సగాన్ని 5 మీటర్ల వేగం వర్గంతో, ఈ రెక్క విస్తీర్ణంతో గుణిస్తే వచ్చే బలం సుమారు 30 గ్రాములు. లిఫ్ట్ కోఎఫిషెంట్ ఎంతైతే దాన్ని ఈ 30తో గుణించుకోవడమే. బల్లపరుపు రెక్క, గాలికి 6 డిగ్రీల యాంగిల్, కోఎఫిషెంట్ 0.4 అనుకుంటే లిఫ్ట్ 12 గ్రాములు. మొత్తం గ్లైడర్ డ్రాగ్ 2 గ్రాముల చుట్టూ ఉంటుంది. రాడ్ ఉంది కదా, 3 మి.మీ. స్టీలు రాడ్, గాల్లో 15 సెం.మీ. కనబడుతోంది, దాని డ్రాగ్ ఒక్కటే 0.6 గ్రాములు.

ఈ మూడు అంకెలు, 12, 2, 0.6, గుర్తుంటే చాలు, మిగతా గొడవంతా వీటి మధ్యే. వంటింటి స్కేల్ 1 గ్రాము తేడాని చూపిస్తుంది, దానితో డ్రాగ్ కొలవడమంటే కిరాణా కాటాలో బంగారం తూచడమే. నగలవాళ్లు వాడే 0.01 గ్రాముల జేబు స్కేల్ కొనాల్సిందే, ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది.

లిఫ్ట్ వరకు పని సులువు. బరువైన దిమ్మ మీద రాడ్ నిలబెట్టి, దిమ్మని స్కేల్ మీద పెట్టి, టన్నెల్ అడుగున చీలికలోంచి రాడ్ పైకి పంపి, సున్నా చేసి, ఫ్యాన్ వేస్తే రీడింగ్ మైనస్ 12 చూపిస్తుంది. ఆ మైనస్ న్యాయమైన మైనస్, మోడల్ పైకి లేస్తోంది కాబట్టి దిమ్మ తేలికైంది. డ్రాగ్‌కి మాత్రం అందరూ ఎల్ ఆకారం చేయి కడతారు. నిలువు చేయి పైన మోడల్, మూలలో బేరింగ్, అడ్డ చేయి చివర స్కేల్ మీద ఆనుతుంది. గాలి మోడల్‌ని వెనక్కి నెడితే అడ్డ చేయి స్కేల్‌ని నొక్కుతుంది. చూడ్డానికి చక్కగా ఉంటుంది, ఇంటర్నెట్‌లో సగం రిగ్గులు ఇవే.

ఇక్కడే మోసం. ఎల్ చేయి కొలిచేది బలాన్ని కాదు, బేరింగ్ చుట్టూ తిప్పే శక్తిని. డ్రాగ్ 2 గ్రాములు, బేరింగ్ నుంచి ఎత్తు 25 సెం.మీ., తిప్పుడు 50. లిఫ్ట్ 12 గ్రాములు సరిగ్గా బేరింగ్‌కి నిట్టనిలువున పైన పనిచేస్తే దాని తిప్పుడు సున్నా, ఏ గొడవా లేదు. కానీ లిఫ్ట్ పనిచేసే చోటు బేరింగ్‌కి ఒక్క సెంటీమీటర్ వెనక ఉన్నా 12 తిప్పుడు ఎదురుగా పడుతుంది, డ్రాగ్‌లో నాలుగో వంతు మాయం. ముక్కులో మట్టిముద్ద ఉన్న చోట గట్టిగా ఉంటుంది కదా అని రాడ్‌ని అక్కడ, రెక్క ముందు అంచుకి 1 సెం.మీ. ముందు గుచ్చారనుకోండి. తోకతో కలిపి లిఫ్ట్ పనిచేసే చోటు ముందు అంచు నుంచి 3.4 సెం.మీ. వెనక ఉంటే మొత్తం దూరం 4.4 సెం.మీ. పన్నెండుని 4.4తో గుణిస్తే దాదాపు 53, డ్రాగ్ తాలూకు 50ని మింగేసి ఇంకా మూడు మిగిలింది. స్కేల్ లెక్కలో అది మైనస్ 0.1 గ్రాము. యాంగిల్ పెంచేకొద్దీ లిఫ్ట్ పెరుగుతుంది కాబట్టి మైనస్ కూడా పెరుగుతుంది. మేడమీద కుర్రాళ్లు చూసిన వింత ఇదే. ఇంతకంటే ప్రమాదకరమైనది మైనస్ రాకపోవడం. రాడ్ కొంచెం వెనక గుచ్చి ఉంటే రీడింగ్ 1.5 అని నమ్మశక్యంగా వచ్చేది, ప్రాజెక్టు రిపోర్టులో హాయిగా కూర్చునేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. మీ రిగ్‌లో ఇది ఉందో లేదో చూడాలంటే అదే మోడల్‌ని రాడ్ మీద 1 సెం.మీ. ముందుకో వెనక్కో జరిపి మళ్లీ కొలవండి. మోడల్ అదే, గాలి అదే, డ్రాగ్ మారకూడదు. మారితే రిగ్ అబద్ధం చెబుతోంది.

దీనికి విరుగుడు ఊయల. ఒక తేలికైన ప్లైవుడ్ పలకని టన్నెల్ అడుగు కింద నాలుగు చేపలగాలం దారాలతో వేలాడదీయాలి, నాలుగూ సరిగ్గా ఒకే పొడవు, 1 మీటర్. పలక టన్నెల్ కంటే వెడల్పు, దారాలు గోడల బయట నుంచి పైన ఫ్రేమ్‌కి కట్టి ఉంటాయి. పలక మధ్యలోంచి రాడ్ చీలికలోకి వెళుతుంది. గుళ్లో ఊయలలా ఈ పలక ముందుకీ వెనక్కీ జరగగలదుగానీ వంగలేదు, ఎందుకంటే నాలుగు దారాలూ సమాంతరంగా ఉన్నాయి. లిఫ్ట్ ఎక్కడ పనిచేసినా, ఏ తిప్పుడు పడినా, దారాల్లో ఒకదానికి బిగువు పెరుగుతుంది ఇంకోదానికి తగ్గుతుంది, అంతే. పలకని జరిపేది అడ్డంగా పనిచేసే బలం ఒక్కటే. స్కేల్ కూడా అక్కర్లేదు. డ్రాగ్ అంటే వేలాడే బరువు × జరిగిన దూరం ÷ దారం పొడవు.

మన అంకెలతో చూద్దాం. పలక, రాడ్, మోడల్ కలిపి 200 గ్రాములు. లిఫ్ట్ 12 గ్రాములు పైకి లాగేస్తోంది కాబట్టి దారాల మీద ఉన్నది 188 మాత్రమే. మోడల్ డ్రాగ్ 2, రాడ్‌ది 0.6, కలిపి 2.6. పలక జరగాల్సింది దాదాపు 14 మి.మీ. పలక అంచున గుండుసూది, వెనక గ్రాఫ్ కాగితం, ఎదురుగా కదలకుండా ఫోను. ఫ్యాన్ వేసిన వెంటనే సూది ఊగుతుంది, రెండేసి మి.మీ. అటూ ఇటూ, అర నిమిషం ఆగితే ఊపు తగ్గి ఒకచోట వణుకుతూ నిలబడుతుంది. ఆ వణుకు మధ్యని అర మి.మీ. వరకు చదవొచ్చు, అంటే 0.1 గ్రాము. ఇంట్లో కట్టిన రిగ్‌కి ఇంత ఖచ్చితత్వం చాలా ఎక్కువ. 188కి బదులు 200 వేసేస్తే మాత్రం 0.17 గ్రాము తప్పు, మోడల్ డ్రాగ్‌లో ఎనిమిది శాతం, అదీ లిఫ్ట్‌తో పాటు పెరిగే తప్పు. తర్వాత మోడల్ తీసేసి ఉత్త రాడ్‌తో ఒకసారి కొలిచి ఆ అంకె తీసేయాలి.

చీలిక గురించి ఒక మాట. ఫ్యాన్ లాగుతోంది కాబట్టి టన్నెల్ లోపల ఒత్తిడి బయట కంటే తక్కువ, అందుకని చీలికలోంచి గాలి పైకి చిమ్ముతుంది, నేరుగా మోడల్ పొట్టకి తగులుతుంది. రాడ్‌కి ఒక కాగితం బిళ్ల గుచ్చి చీలికకి రెండు మి.మీ. కింద, తగలకుండా ఉంచితే చాలావరకు ఆగుతుంది. అగరబత్తి పెట్టి చూస్తే పొగ ఎటు పోతుందో తెలుస్తుంది.

ఊయల కట్టినా ఇంకో దొంగ మిగిలే ఉంటాడు. గాలి నేలకి సమాంతరంగా వస్తోందని మనం అనుకుంటున్నాం. ఒక్క డిగ్రీ పైకి వంగి వస్తోందనుకుందాం, గొట్టాలు చేత్తో పేర్చినప్పుడు ఒక డిగ్రీ ఏం పెద్ద విషయం కాదు. లిఫ్ట్ ఎప్పుడూ గాలికి లంబంగా ఉంటుంది, గాలి పైకి వంగితే లిఫ్ట్ ఒక డిగ్రీ ముందుకి వాలుతుంది. 12 గ్రాముల్లో ఒక డిగ్రీ వాలు అంటే 0.21 గ్రాము ముందుకి లాగుడు. డ్రాగ్ 2కి బదులు 1.79 కనబడుతుంది, లిఫ్ట్‌ని డ్రాగ్‌తో భాగిస్తే 6 రావాల్సింది 6.7 వస్తుంది. కుర్రాళ్లు పొంగిపోతారు, గ్లైడర్ అద్భుతం అనుకుంటారు.

మందు పాతదే, చవకైనదే. మోడల్‌ని తలకిందులుగా బిగించి అదే లిఫ్ట్ వచ్చే యాంగిల్ దగ్గర మళ్లీ కొలవాలి. ఇప్పుడు లిఫ్ట్ కిందకి పనిచేస్తోంది, వాలు వెనక్కి పడుతుంది, డ్రాగ్ 2.21 చూపిస్తుంది. పలక మీద బరువు కూడా ఈసారి 188 కాదు, 212, అది మర్చిపోకూడదు. రెండింటి సగటు 2.0. పెద్ద టన్నెల్‌లలో కూడా మోడల్‌ని తిరగేసి గాలి వాలు పట్టుకోవడం మామూలే, ఐఐఎస్‌సీలోని 14 × 9 అడుగుల టన్నెల్‌కైనా మేడమీది అట్టపెట్టెకైనా గాలి ఒకటే కదా. తేడా ఏమిటంటే వాళ్లకి తప్పు డిగ్రీలో చిన్న భాగం, మనకి డిగ్రీలే.

వేగం సంగతికొస్తే, చేతిలో పట్టుకునే గాలిమీటరు 5 శాతం తప్పు చూపిస్తే బలం లెక్కలో అది 10 శాతం అవుతుంది, వర్గం కాబట్టి. సాయంత్రం వోల్టేజీ పడితే ఫ్యాన్ వేగం కూడా పడుతుంది, మధ్యాహ్నం కొలిచిన రెక్కనీ రాత్రి కొలిచిన రెక్కనీ పోల్చి ఏదో కనిపెట్టామనుకునే ప్రమాదం ఉంది. రైట్ సోదరులు 1901లో డేటన్‌లో కట్టిన టన్నెల్ 6 అడుగుల చెక్కపెట్టె, లోపల 16 అంగుళాల చదరం. దానిలో హాక్సా బ్లేడు ముక్కలు, సైకిల్ చువ్వల తీగతో చేసిన కాటా ఉండేది. వాళ్లు లిఫ్ట్‌ని గ్రాముల్లోనో పౌన్లలోనో చదవలేదు, గాలికి అడ్డంగా పెట్టిన చిన్న రేకుల మీద పడే బలంతో పోల్చి చదివారు. వేగం కొంచెం పెరిగినా తగ్గినా రెండింటి మీదా ఒకేలా పడుతుంది, నిష్పత్తి చెడదు. ఈ తెలివి మనకీ పనికొస్తుంది. 4 సెం.మీ. చదరం అట్టముక్కని రాడ్ మీద గాలికి ఎదురుగా నిలబెడితే దాని డ్రాగ్ కోఎఫిషెంట్ దాదాపు 1.18. మన వేగంలో రెండున్నర గ్రాములు రావాలి. ప్రతి రెక్క కొలవడానికి ముందూ తర్వాతా ఈ అట్టముక్కని కొలిచి, రెండు రీడింగులూ కలవకపోతే ఆ రెక్క రీడింగుని పక్కన పడేయడమే.

ఇంతా చేశాక పోల్చేది ఏమిటంటే, సాధారణంగా బల్లపరుపు రెక్క, వంపు రెక్క. అడుగు కాగితం ఒలిచి, సీసా మీద చుట్టినట్టు వంచి, మధ్యలో 4 మి.మీ. ఎత్తు తెస్తే వంపు రెక్క తయారు. ఇక్కడ చేసే పొరపాటు రెండింటినీ 6 డిగ్రీల దగ్గర పెట్టి డ్రాగ్ పోల్చడం. వంపు రెక్క అదే యాంగిల్‌లో ఎక్కువ లిఫ్ట్ ఇస్తుంది, లిఫ్ట్ ఎక్కువైతే రెక్క కొసల దగ్గర సుడి వల్ల వచ్చే డ్రాగ్ కూడా ఎక్కువ. గ్లైడర్‌కి యాంగిల్‌తో పనిలేదు, దాని బరువుకి సరిపడే లిఫ్ట్‌తోనే పని. కాబట్టి ఒకే లిఫ్ట్ దగ్గర పోల్చాలి. 18 గ్రాముల లిఫ్ట్ తీసుకుంటే, ఈ పొడవు రెక్కకి సుడి డ్రాగ్ సుమారు 1 గ్రాము, అది రెండు రెక్కలకీ సమానం, వంపుతో తగ్గదు, పొడవు పెంచితేనే తగ్గుతుంది. తేడా అంతా మిగతా భాగంలోనే ఉంటుంది. 18 గ్రాముల కోసం బల్లపరుపు రెక్క 9 డిగ్రీల దాకా లేవాలి, అక్కడ ముందు అంచు దగ్గరే గాలి ఊడిపోవడం మొదలై డ్రాగ్ ఎగబాకుతుంది. వంపు రెక్కకి అంత యాంగిల్ అవసరం ఉండదు.

అమెరికా విమానాల సంస్థ నాకా పాతకాలంలో గీసిన లావుపాటి, అందంగా గుండ్రంగా ఉన్న రెక్క చేస్తే ఇంకా బాగుంటుందని ఎవరైనా అంటే రేనాల్డ్స్ నంబర్ అడగండి, అంటే గాలి వేగాన్నీ రెక్క వెడల్పునీ గాలి జిగటతో పోల్చే అంకె. ఇక్కడ అది 21 వేలు. పుస్తకాల్లో ఉన్న నాకా గ్రాఫులు లక్షల్లోంచి పైకి తీసినవి. ఇంత చిన్న వేగంలో లావు రెక్క మీద గాలి మధ్యలోనే విడిపోతుంది, పలుచని వంపు అట్ట దాన్ని ఓడించడం మామూలే. 45 సెం.మీ. గోడల మధ్య 30 సెం.మీ. రెక్క పెట్టినందుకు గోడలు కూడా డ్రాగ్‌ని మూడు నాలుగు శాతం తగ్గించి చూపిస్తాయిగానీ రెండు రెక్కలకీ అంతే కాబట్టి పోలికకి ఇబ్బంది లేదు.

స్టెబిలిటీ ఈ మూడింటిలో బాగా నమ్మదగినది, దానికి స్కేలూ అక్కర్లేదు, వేగమూ తెలియక్కర్లేదు. గ్లైడర్ బాడీకి అడ్డంగా సూది గుచ్చి, రెండు వైపులా చిన్న బేరింగుల్లో ఆనించి, ముక్కు పైకీ కిందకీ స్వేచ్ఛగా ఊగనివ్వాలి. ఫ్యాన్ వేసి తోకని దారంతో కొంచెం లాగి వదిలితే, తిరిగి తన చోటుకి వస్తే ఆ సూది స్థానానికి గ్లైడర్ స్టేబుల్. సూదిని 2 మి.మీ. చొప్పున వెనక్కి జరుపుతూ పోతే ఒకచోట అది తిరిగి రావడం మానేస్తుంది, ఎక్కడ వదిలితే అక్కడే బద్ధకంగా ఉండిపోతుంది. అదే న్యూట్రల్ పాయింట్. మన మోడల్‌కి రెక్క, తోక విస్తీర్ణాలతో లెక్క వేస్తే ముందు అంచు నుంచి 34 మి.మీ. దగ్గర రావాలి. సీజీ, అంటే గ్లైడర్ బరువు తూగే చోటు, 25 మి.మీ. దగ్గర పెడితే మధ్యలో 9 మి.మీ., రెక్క వెడల్పులో 12 శాతం, చేత్తో విసిరే గ్లైడర్‌కి అది మంచి మార్జిన్.

ఇందులో ఉచ్చు ఒక్కటే. సూది జరిపిన ప్రతిసారీ ముక్కు మట్టి సర్ది మోడల్ సరిగ్గా సూది దగ్గరే తూగేలా చేయాలి. లేకపోతే గాలికి బదులు బరువే దాన్ని లోలకంలా వెనక్కి తెస్తుంది. ఫ్యాన్ ఆపి మోడల్‌ని ముక్కు పైకి ఒకసారి, కిందకి ఒకసారి పెట్టి వదిలితే పెట్టిన చోటే ఉండాలి, అప్పుడే ఫ్యాన్ వేయాలి. వంపు రెక్క పెట్టినప్పుడు మోడల్ ముక్కు దించుకుని నిలబడుతుంది, అది చూసి స్టెబిలిటీ పెరిగిందనో పోయిందనో రాస్తారు. రెండూ కాదు. అది ఎక్కడ నిలబడిందన్నది తోక యాంగిల్ సంగతి, కదిపితే తిరిగి వస్తుందా లేదా అన్నదే స్టెబిలిటీ. న్యూట్రల్ పాయింట్ వంపుతో పెద్దగా మారదు. ఇంకోటి, ఈ సూది మీద గ్లైడర్ వేగం మార్చుకోలేదు, ఎత్తు మార్చుకోలేదు, కాబట్టి ఎగిరేటప్పుడు అలలాగా లేచి పడే ఫ్యూగాయిడ్ ఇక్కడ కనబడదు. ఇక్కడ బుద్ధిగా ఉన్న మోడల్ బయట అలలు వేస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

దాన్ని చూడాలంటే విసరాలి. ఇండోర్ బ్యాడ్మింటన్ కోర్టు గంట అద్దెకి తీసుకుంటే చాలు, కోర్టు పొడవు 13.4 మీటర్లు, 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 6 నిష్పత్తి ఉన్న గ్లైడర్ 12 మీటర్ల దగ్గర దిగాలి. గట్టిగా విసిరితే ఆ అదనపు వేగమే దాన్ని మోసుకుపోతుంది కాబట్టి నిలకడగా దిగుతున్న భాగాన్ని మాత్రం పక్కనుంచి వీడియో తీసి కొలవాలి. చెన్నైలో విసిరినా దూరం దాదాపు ఇంతే, బెంగళూరులో గాలి పలుచన కాబట్టి నాలుగైదు శాతం వేగంగా వెళుతుంది, అంతే తేడా.

కోర్టులో 6 రాకపోవచ్చు. ఈ గ్లైడర్ ముక్కు మట్టితో కలిపి 32 గ్రాములు, టన్నెల్‌లో 5 మీటర్ల వేగంలో వచ్చిన లిఫ్ట్ 12 మాత్రమే. అదే యాంగిల్‌లో 32 గ్రాములు మోయాలంటే సెకనుకి 8 మీటర్లకి పైగా కావాలి, అంటే టన్నెల్‌లో కొలిచిన గాలీ కోర్టులో ఎగిరే గాలీ ఒకటి కావు. రెండింటినీ దగ్గర చేయాలంటే పెద్ద ఫ్యాన్ కొనడం ఒక దారి, గ్లైడర్‌ని తేలిక చేయడం ఇంకో దారి. రెండు వైపులా కాగితం ఒలిచేసి 20 గ్రాములకి దించితే ఆరున్నర మీటర్లకి వస్తుంది. కానీ కాగితం లేని రెక్క కొసలు గాలికి పైకి వంగుతాయి, కాబట్టి ఒలిచిన రెక్కని కొత్త రెక్కగా లెక్కేసి అట్టముక్క దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.